పేరు నాలుక చివర ఆగిపోయినప్పుడు

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. పోయిన నెల ఒక సదస్సులో, రెండేళ్లు నాతో కలిసి పనిచేసిన అమ్మాయిని మా పై అధికారికి పరిచయం చేయబోయి పేరు గుర్తురాక అలాగే నిలబడిపోయాను. చివరికి ఇంకెవరి పేరో చెప్పాను. తను నవ్వుతూనే సరిదిద్దింది కానీ మొహం చిన్నబోయింది. ఆ కంగారులో తర్వాత నేను చెబుతున్న విషయం కూడా మధ్యలో తెగిపోయింది. వచ్చే వారం మళ్లీ అలాంటి కార్యక్రమమే ఉంది, తనూ వస్తుంది. ఇలాంటప్పుడు ఎలా సర్దుకోవాలి? అసలు ఇది మతిమరుపుకి మొదలా? — ఒక పాఠకురాలు

జవాబు: మీ నోట వచ్చిన ఆ ఇంకో పేరు, అసలు పేరుకి దగ్గరదే అయి ఉంటుందని నా అనుమానం. సునీత అనాల్సిన చోట సుజాత వస్తుంది. లేదంటే అదే ఆఫీసులో అదే వయసున్న ఇంకొకరి పేరు వస్తుంది. బొత్తిగా పొంతన లేని పేరు ఎప్పుడో గానీ రాదు. అంటే మీ మనసు సరైన వీధికే వెళ్లి పక్కింటి తలుపు కొట్టింది. రెండేళ్లు పిలిచిన పేరు ఎక్కడికీ పోదు. ఆ క్షణానికి దాని శబ్దం అందలేదు, అంతే.

ఇరవై ఏళ్లుగా సభల్లో వ్యాఖ్యాతగా మైకు పట్టుకుంటున్నాను. పేర్లు పలకడమే నా పని. అయినా నాకూ ఇది జరుగుతుంది, ఎప్పుడు జరుగుతుందో ముందు తెలియదు. తెలిసిందల్లా జరిగాక ఎలా నడుచుకోవాలన్నదే.

పేర్లే ఎందుకు జారిపోతాయో ఒక్క ముక్కలో చెప్పి అసలు సంగతికి వస్తాను. మీ సహోద్యోగి గురించి మీకు తెలిసినవి ఎన్నో ఉంటాయి. ఏ సీట్లో కూర్చుంటుంది, ఎలా నవ్వుతుంది, ఏ పని బాగా చేస్తుంది. అవన్నీ ఒకదానితో ఒకటి అల్లుకుని ఉంటాయి, ఒకటి లాగితే ఇంకొకటి వస్తుంది. పేరు మాత్రం ఒంటరి దారం మీద వేలాడుతుంది. ఆమె పేరు సునీతే ఎందుకయిందో, సరళ ఎందుకు కాలేదో చెప్పే గుర్తు ఆమెలో ఏదీ ఉండదు. 1987లో బ్రిటన్‌లో మనస్తత్వ శాస్త్రవేత్తలు కొందరు దీన్ని చక్కగా పరీక్షించారు. ముక్కూమొహం తెలియనివాళ్ల ఫొటోలు చూపించి, ఒక్కొక్కరి ఇంటిపేరూ వృత్తీ చెప్పారు. ‘బేకర్’ లాంటి మాటల్ని కొందరికి ఇంటిపేరుగా, కొందరికి వృత్తిగా చెప్పారు. మాట అదే అయినా వృత్తిగా విన్నవాళ్లకే ఎక్కువగా గుర్తుంది. రొట్టెలు చేసేవాడంటే పొయ్యి, పిండి, వాసన అన్నీ మనసులోకి వస్తాయి. బేకర్ అనే ఇంటిపేరు వెనక ఏమీ లేదు.

ఇక మొదట తేల్చుకోవాల్సింది, ఆ పేరు మీలోంచి బయటికి రావట్లేదా, లేక అసలు లోపలికే వెళ్లలేదా అన్నది. రెండిటికీ చేయాల్సింది వేరు. 1966లో హార్వర్డ్‌లో రోజర్ బ్రౌన్, డేవిడ్ మెక్‌నీల్ అనే ఇద్దరు పరిశోధకులు, అరుదైన మాటల అర్థాలు చదివి వినిపించి ఆ మాటేమిటో చెప్పమన్నారు. ‘నాలుక మీదే ఉంది, రావట్లేదు’ అన్నవాళ్లు చాలాసార్లు దాని మొదటి అక్షరం, అందులో ఎన్ని పలుకులున్నాయో సరిగ్గానే ఊహించారు. మీరూ గమనించండి. ‘స’తో మొదలవుతుంది, చిన్న పేరే, చివర దీర్ఘం లేదు అని ఏదో ఒకటి తోస్తుంటే పేరు లోపల ఉన్నట్టే. ఏ అక్షరమూ తోచకుండా అంతా తెల్లకాగితంలా ఉంటే, చాలామటుకు అది లోపలికి చేరనే లేదు.

చేరకపోవడం పరిచయాల వేళే ఎక్కువ. వరసగా అందరూ తమ పేర్లు చెప్పుకుంటున్నప్పుడు మీ ముందు మనిషి ఏం చెప్పారో మీకు గుర్తుండదు. ఆ సమయంలో మీరు మీ వంతుకి సిద్ధమవుతుంటారు. 1973లోనే దీన్ని ప్రయోగం చేసి చూశారు. తన వంతుకి కాస్త ముందు వినిపించిన మాటలే అందరికీ ఎక్కువగా జారిపోయాయి. అలాంటి పేరు కోసం గంటసేపు తల గోక్కున్నా ఫలితం ఉండదు, వెతకడానికి అక్కడ ఏమీ లేదు. వెంటనే అడిగేయాలి: “మీరు పేరు చెప్పారు, నేనే సరిగ్గా పట్టుకోలేదు. మళ్లీ చెప్తారా?” మొదటి అయిదు నిమిషాల్లో ఈ మాట అంటే ఎవరూ ఏమీ అనుకోరు. మూడో కలయికలో అంటే అనుకుంటారు.

మీ కథ ఈ రకం కాదు. పేరు లోపల ఉంది, దారి మూసుకుంది. ఇక్కడే మనలో చాలామంది ఒక తప్పు చేస్తాం, ఇంకాస్త గట్టిగా వెతుకుతాం. పక్క పేరు ఒకసారి నోటికి అడ్డం పడ్డాక మళ్లీ మళ్లీ అదే వస్తుంది. వచ్చిన ప్రతిసారీ ఇంకాస్త బలపడుతుంది. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో కరిన్ హంఫ్రీస్, ఎమీ బెత్ వారినర్ 2008లో ప్రచురించిన పరిశోధనలో, నాలుక చివర మాట ఆగిపోయినవాళ్లలో కొందరిని 10 సెకన్లు, కొందరిని 30 సెకన్లు వెతకనిచ్చి, తర్వాత జవాబు చెప్పేశారు. రెండు రోజులయ్యాక మళ్లీ అడిగితే, ఎక్కువసేపు తన్నుకులాడినవాళ్లే అదే మాట దగ్గర మళ్లీ ఎక్కువగా ఆగారు. వెతుకులాట పొడుగయ్యేకొద్దీ మనసు ఆ తప్పుదారినే అలవాటు చేసుకుంటోందన్నమాట.

అందుకని నేను పెట్టుకున్న నియమం ఏమిటంటే, లోపల మూడు అంకెలు లెక్కపెట్టుకుంటాను. మూడు అనేలోగా పేరు రాకపోతే అడిగేస్తాను. వెతుకులాట మానేసి మాటల్లో పడితే, చాలాసార్లు అది కాసేపటికి దానంతటదే వస్తుంది. మీకూ ఆ సాయంత్రం ఇంటికెళ్తూ దారిలో ఉండగా, ఆ పేరు అడక్కుండానే ఎదురుగా వచ్చి నిలబడి ఉంటుంది.

అడగడంలో ఒక పద్ధతి ఉంది. పేరు మరిచిపోతే ఎదుటివాళ్లకి బాధేస్తుంది. ‘నేను వీళ్లకి లెక్కలోనే లేనన్నమాట’ అనిపిస్తుంది. కాబట్టి వాళ్లు లెక్కలో ఉన్నారనే సాక్ష్యం ముందు చూపించాలి, పేరు ఆ తర్వాత అడగాలి. “పోయినసారి మనం వెనక వరసలో కూర్చుని మీ అబ్బాయి చదువు గురించి మాట్లాడుకున్నాం, అదంతా గుర్తుంది. పేరొక్కటే ఈ క్షణం నోటికి రావట్లేదు, చెప్పరూ?” ఆ మొదటి వాక్యం నిజమైనదై ఉండాలి. గుర్తుంటేనే చెప్పాలి, లేకపోతే “మనం కలిశామని తెలుసు, పేరు గుర్తురావట్లేదు” అంటే చాలు. “మిమ్మల్ని ఎలా మరిచిపోతానండీ!” అని ఊరికే పొంగిపోయిన మరుక్షణం “ఇంతకీ నా పేరేంటో చెప్పండి” అని అవతలివాళ్లు అడిగితే పరువు పోతుంది. సరదాగా అలా అడిగేవాళ్లు ఎక్కడైనా ఒకరుంటారు.

దొంగదారులు కూడా ఉన్నాయి, అవి నేనూ వాడాను. “మీ పేరు ఇంగ్లిష్‌లో ఎలా రాస్తారు?” అని ఒకసారి అడిగాను. ఆయన పేరు రవి. నా వంక ఒక్క క్షణం జాలిగా చూసి, ఒక్కో అక్షరమే తాపీగా చెప్పారు. ఇంకోసారి “మీ నంబరు ఇందులో వేసి పేరు కూడా రాసేయండి” అని ఒకావిడ చేతికి ఫోనిచ్చాను. ఆవిడ పది అంకెలు కొట్టగానే తెర మీద ఆవిడ పేరు వచ్చేసింది, నాలుగేళ్ల కిందట నేనే వేసుకున్నది. ఫోను తిరిగిచ్చేటప్పుడు ఆవిడ ఏమీ అనలేదు, నాకు మాత్రం ఆ మౌనం ఇప్పటికీ గుర్తుంది. దొంగదారి దొరికిపోతే తప్పులు రెండవుతాయి, మరిచిపోవడం ఒకటి, దాచడం ఇంకొకటి.

మూడో మనిషి వచ్చినప్పుడు ఏం చేయాలన్నది మీకు కావలసిన అసలు జవాబు. ఇక్కడ మన భాషే మనల్ని కాస్త ఇరుకున పెడుతుంది. తెలుగులో విశేషణాలన్నీ ముందు వస్తాయి, పేరు చివర్న వస్తుంది. “మా ఆఫీసులో రెండేళ్లుగా ఎంతో నమ్మకంగా పనిచేస్తున్న...” అని మొదలుపెట్టామంటే, ఒక్కో మాటా పేరనే గుంత వైపే నడిపిస్తుంది. అంచుకి వచ్చాక వెనక్కి తిరగడానికి ఉండదు. ఒక సభలో ముఖ్య అతిథిని నేనిలాగే పరిచయం చేశాను. “మనందరికీ సుపరిచితులు, బహుముఖ ప్రజ్ఞాశాలి, నిరాడంబరులు, స్నేహశీలి...” పేరు రాదే! ఇంకో రెండు విశేషణాలు కలిపాను. ముందు వరసలో ఒకరు నవ్వడం కనిపించింది. చివరికి ఆ పెద్దాయనే లేచి మైకు దగ్గరికి వచ్చి, తన పేరు తనే చెప్పుకుని, “ఇంత పొగిడాక పేరెందుకండీ” అన్నారు. సభంతా నవ్వింది. ఆయన మంచితనం వల్ల నేను బయటపడ్డాను. ఆ రోజు నుంచి చేతిలో చీటీ లేకుండా ఎవర్నీ పిలవలేదు.

అందుకని పరిచయం చేసేటప్పుడు వాక్యాన్ని తిరగేయండి. పేరు వస్తుందో రాదో నోరు తెరిచే ముందే తేల్చుకోండి. వస్తే పేరుతోనే మొదలుపెట్టండి: “సునీత అండి, మా ఆఫీసులోనే, లెక్కలన్నీ తనే చూస్తుంది.” రాకపోతే, పేరు తెలిసినవాళ్లని ముందు పరిచయం చేయండి. మీ విషయంలో అది పై అధికారి. సహోద్యోగి వైపు తిరిగి, ఆయన పేరు చెప్పి, “వీరు మా విభాగాధికారి” అంటే, చాలామంది ఆ క్షణంలో చేయి చాపో నమస్కారం పెట్టో తమ పేరు తామే చెప్పుకుంటారు. మీరు అడగకుండానే పని జరిగిపోతుంది. వాళ్లు చెప్పకుండా చిరునవ్వుతో మీ వైపే చూస్తుంటే, అప్పుడు దాచొద్దు. ఆ అమ్మాయి వైపు తిరిగి, “రోజూ పిలిచే పేరు చూడు, సరిగ్గా ఇప్పుడే నోట్లో ఇరుక్కుపోయింది. నువ్వే చెప్పమ్మా” అనండి. ఆమె చెప్పగానే ఆ పేరుతోనే వాక్యం కట్టండి: “సునీత. పోయినేడు ఆడిట్ మొత్తం ఒంటిచేత్తో గట్టెక్కించింది.” ఈ చివరి వాక్యం తప్పనిసరి. పేరు మరిచిపోయిన మనిషే తన పని ఇంత బాగా చెప్పిందని ఆమెకీ ఉంటుంది, పై అధికారికీ గుర్తుంటుంది.

మీతో ఎవరైనా సన్నిహితులు వస్తుంటే ముందే ఒక ఒప్పందం చేసుకోండి. ఎవరైనా వచ్చి నిలబడ్డాక మీరు వాళ్లని వెంటనే పరిచయం చేయకపోతే, పేరు గుర్తురాలేదని అర్థం. అప్పుడు తనే ముందుకొచ్చి, తన పేరు చెప్పుకుని, “మీరు?” అని అడగాలి. మా ఇంట్లో ఇది పదేళ్లుగా నడుస్తోంది. మా ఆయన పేర్లు గుర్తుపెట్టుకోవడంలో నాకన్నా అధ్వాన్నం కాబట్టి ఈ సేవ రెండు వైపులా జరుగుతుంది.

తప్పు పేరు నోట వచ్చేస్తే, మీకై మీకు తెలిసిన మరుక్షణమే సరిదిద్దుకోండి. “సుజాత... కాదు, సునీత. క్షమించు.” ఒక్కసారి చాలు. “అయ్యో, ఛీ, నా బుర్రకేమైంది, ఎంత సిగ్గుచేటు” అంటూ పొడిగిస్తే, పాపం ఆమే మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. తన పేరు తప్పు పలికిన మనిషిని తనే సముదాయించడం ఎవరికైనా విసుగే.

మాట మధ్యలో తెగిపోవడం దీనికి తోబుట్టువు. దాన్లో రెండు రకాలున్నాయి. ఒకటి, ఒక్క మాట దొరక్కపోవడం. దానికి మందు మన నోట్లోనే ఉంది: “అదే, ఏమంటారు దాన్ని...” ఇలాంటి నసుగుడుని చులకన చేస్తాం గానీ దానికో పని ఉంది. ‘నా వంతు అయిపోలేదు, కాస్త ఆగండి’ అని వినేవాళ్లకి చెబుతుంది. ఆపైన మాటకి బదులు పని చెప్పేయండి. ‘అనుబంధం’ అనే మాట రాకపోతే “నివేదిక చివర్న జతచేసే కాగితాలు” అనండి. ఎదురుగా ఉన్నవాళ్లే మాట అందిస్తారు, అందించాక “అదే!” అని ముందుకి వెళ్లిపోవచ్చు.

రెండోది ఇంకాస్త భయపెట్టేది, దారమే తెగిపోవడం. ఏం చెబుతున్నామో, ఎందుకు మొదలుపెట్టామో ఏదీ ఉండదు. మీకు ఆ రోజు జరిగింది ఇదే. పేరు తప్పు పలికిన సంగతి లోపల గిరగిరా తిరుగుతుంటే, చెబుతున్న విషయానికి మనసులో చోటు మిగలలేదు. అలాంటప్పుడు ముందుకి వెతకొద్దు, వెనక్కి వెళ్లండి. మీరు చెప్పిన ఆఖరి వాక్యాన్నే ఇంకోలా మళ్లీ చెప్పండి: “అంటే నేననేది, గడువు పొడిగించడం ఒక్కటే సరిపోదు...” ఆ వాక్యం నోట పడేసరికి దాని తోక పట్టుకుని తర్వాతది రావచ్చు. రాకపోతే, “చెబుతూ చెబుతూ దారి తప్పాను, ఎక్కడున్నాం?” అని అడగండి. వింటున్నవాళ్లు చెబుతారు. వాళ్లకీ గుర్తులేకపోతే నవ్వుతారు, అప్పుడు ఇద్దరూ సమానమే.

ఆ నిశ్శబ్దం మీకు అంత పొడుగ్గా తోచడానికీ కారణం ఉంది. పది భాషల్లో సంభాషణల్ని కొలిచి 2009లో ప్రచురించిన పరిశోధనలో, ఒకరు ప్రశ్న ఆపాక ఇంకొకరు జవాబు మొదలుపెట్టడానికి పట్టే సమయం సగటున సెకనులో అయిదో వంతుకి అటూఇటూగా తేలింది. మాటకి మాట అంత వేగంగా అందుకోవడం మన అలవాటు. దానితో పోలిస్తే రెండు సెకన్లు కొండంత కనిపిస్తాయి. కానీ వినేవాళ్లు ఆ రెండు సెకన్లని మీరు ఆలోచించడం అనుకుంటారు. మీ మొహంలో కంగారు చూస్తేనే వాళ్లకి తేడా తెలుస్తుంది. అందుకే ఆగినప్పుడు మంచినీళ్ల గ్లాసు అందుకోండి, ఒక గుక్క తాగండి. నీళ్లు తాగుతున్న మనిషిని ఎవరూ తొందరపెట్టరు.

ఇక మీ భయం సంగతి. వయసు పెరిగేకొద్దీ పేర్లు నాలుక చివర ఆగడం ఎక్కువవుతుంది, ఇది ఆరోగ్యంగా ఉన్నవాళ్లకీ జరిగేదే. నిద్ర చాలని రోజున, కంగారులో ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ. మనిషి ఎవరో తెలిసి పేరొక్కటే రాకపోవడం, తర్వాత దానంతటదే రావడం, దీన్ని ఒక్కదాన్ని చూసి బెంగపడక్కర్లేదు. ఆ మనిషి ఎవరన్నదే తెలియకపోతే, రోజూ వాడే వస్తువుల పేర్లు తరచూ జారిపోతుంటే, తెలిసిన దారిలో తప్పిపోతుంటే, మీకన్నా ముందు ఇంట్లోవాళ్లు తేడా గమనిస్తుంటే డాక్టరుకి చూపించుకోవాలి. ఉన్నట్టుండి మాట ముద్దగా అయిపోయినా, మూతి ఒక పక్కకి జారినా, ఒక చేయి బలం తప్పినా అది పక్షవాతం కావచ్చు. అప్పుడు నిమిషం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

వచ్చే వారానికి ఒక చిన్న పని చేయండి. ఎవరెవరు వస్తారో ఒక కాగితం మీద రాసుకుని, బయల్దేరే ముందు ఆ పేర్లని పైకి, వినబడేలా రెండుసార్లు చదవండి. కళ్లతో చూసుకుంటే చాలదు. తెగేది శబ్దం దగ్గర కాబట్టి నోరే ఆ దారి తొక్కాలి. ఈ మధ్య పలికిన పేరు మళ్లీ తేలిగ్గా వస్తుంది. అక్కడ కొత్తగా పరిచయమైనవాళ్ల పేరు వినగానే ఒకసారి తిరిగి పలకండి, అర నిమిషంలో ఇంకోసారి వాడండి, సెలవు తీసుకునేటప్పుడు మరోసారి. నిమిషానికి నాలుగుసార్లు పిలిస్తే మాత్రం బీమా అమ్మడానికి వచ్చారనుకుంటారు.

కాగితం మీద మొదటి పేరు మీ సహోద్యోగిదే రాయండి. కనిపించగానే నమస్కారం కంటే ముందు ఆ పేరే పలకండి. పోయిన నెల సంగతి మీరుగా ఎత్తొద్దు. ఆమె నవ్వుతూ గుర్తుచేస్తే, “ఆ రోజు నా నోరు నాకే ఎదురు తిరిగిందమ్మా” అని మీరూ నవ్వేయండి. మీ పై అధికారి అటుగా వస్తే ఆయన్ని మీరే ఆపి, ఆమె పేరు చెప్పి, ఆమె చేసిన పనిలో మీకు నిజంగా నచ్చిన ఒక్కటి చెప్పండి. ఆ ఒక్కటి ఏదో ఈ రాత్రే అనుకుని పెట్టుకోండి.